శాతం చెప్పారు, ధర చెప్పలేదు: ఫోన్ గేమ్ కంపెనీలకూ యాప్ స్టోర్లకూ ఒక బహిరంగ లేఖ

గాచా బ్యానర్లూ లూట్ బాక్సులూ అమ్ముతున్న ఫోన్ గేమ్ కంపెనీల బాధ్యులకు, ఆ గేముల్ని తమ స్టోర్లలో ఉంచి ప్రతి కొనుగోలులో వాటా తీసుకుంటున్న యాప్ స్టోర్ల నిర్వాహకులకు,

నమస్కారం.

నేను లెక్కల ఉపాధ్యాయుణ్ణి. మీ గేములు ఆడతాను, వాటిమీద మీ కళాకారులు పెట్టే శ్రమ అంటే గౌరవం ఉంది. కాబట్టి ఇది గేములు మూసేయమని అడిగే ఉత్తరం కాదు. మా మేనల్లుడు ఆడే ఒక గేమ్ కంపెనీకి నేను మూడుసార్లు రాశాను. ఒకే ప్రశ్న అడిగాను: "ఈ పాత్ర కావాలంటే మనిషికి ఎంత డబ్బు ఖర్చవుతుంది?" మూడుసార్లూ ఒకే జవాబు వచ్చింది, ఒక్క అక్షరం మారకుండా: "మా డ్రాప్ రేట్లు గేమ్‌లోని వివరాల పేజీలో ప్రకటించాం." ఏది వచ్చే అవకాశం ఎంత శాతమో చెప్పే ఆ పేజీ చూసిన తర్వాతే కదా ఆ ప్రశ్న అడిగాను. అందుకే ఇప్పుడు అందరికీ కనబడేలా రాస్తున్నాను.

గేములు ఆడని పాఠకుల కోసం ముందు రెండు మాటలు. గాచా అంటే గేమ్‌లో డబ్బుతో కొన్న జెమ్స్ అనే గేమ్ నాణేలు ఇచ్చి లాటరీలా ఒక్కో చీటీ తీయడం. ఒకసారి తీయడాన్ని పుల్ అంటారు. ఏం వస్తుందో తీసేదాకా తెలియదు. ఫలానా పాత్ర వచ్చే అవకాశం ఎక్కువగా ఉందని కొన్ని వారాలపాటు పెట్టే అమ్మకాన్ని బ్యానర్ అంటారు. ఎన్ని పుల్స్ తీసినా అరుదైనది రాకపోతే, ఫలానా పుల్ దగ్గర తప్పకుండా ఇస్తామనే హామీ ఉంటుంది. దాన్ని ఆటగాళ్లు పిటీ అంటారు. లూట్ బాక్స్ కూడా ఇదే బేరం, పెట్టె రూపంలో.

ఇక మా ఇంట్లో జరిగింది చెబుతాను. ఆ గేమ్ పేరు రాయను. ఇలాంటి నిబంధనలే చాలా గేముల్లో ఉన్నాయి గనక పేరుతో పని లేదు.

మా మేనల్లుడు ఉద్యోగంలో చేరి ఏడాది అయింది. తెలివిగలవాడు, లెక్క తెలిసినవాడు. వాడికి కావలసిన పాత్ర బ్యానర్‌లోకి వచ్చింది. వివరాల పేజీలో ఉన్నవి ఇవి: అయిదు నక్షత్రాల, అంటే అన్నిటికంటే అరుదైన, పాత్ర వచ్చే అవకాశం ఒక్కో పుల్‌కి 0.6 శాతం. పిటీని కూడా కలుపుకుంటే సగటున 1.6 శాతం. 90వ పుల్‌కల్లా ఒక అయిదు నక్షత్రాల పాత్ర ఖాయం. అయితే వచ్చిన పాత్ర బ్యానర్‌లో చూపించినదే కావడానికి సగం అవకాశమే. కాకపోతే, ఆ తర్వాత వచ్చే అయిదు నక్షత్రాల పాత్ర మాత్రం ఖచ్చితంగా బ్యానర్‌లోదే. ఒక పుల్‌కి 160 జెమ్స్.

వాడు వేసుకున్న లెక్క ఇది: 1.6 శాతం అంటే సగటున 62 పుల్స్‌కి ఒకటి. ఆడి కూడబెట్టిన ఉచిత జెమ్స్ 6,400 ఉన్నాయి, అంటే 40 పుల్స్. అన్నిటికంటే పెద్ద ప్యాక్‌లో 6,480 జెమ్స్ వస్తాయి, అంటే ఇంకో 40. మొత్తం 80. కావలసినదానికంటే ఎక్కువే ఉన్నాయి, ఒక ప్యాక్ సరిపోతుంది అనుకున్నాడు.

78వ పుల్‌లో అయిదు నక్షత్రాలు మెరిశాయి. వచ్చింది వేరే పాత్ర. ఇక తర్వాతది ఖాయం కదా అని రెండో పెద్ద ప్యాక్ కొన్నాడు. అది 121వ పుల్ దగ్గర అయిపోయింది, ఏమీ రాలేదు. మూడో ప్యాక్ కొన్నాడు. 154వ పుల్‌లో కోరుకున్న పాత్ర వచ్చింది. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, "వచ్చింది మావయ్యా" అన్నాడు. ఆ గొంతులో సంతోషం లేదు. ఒక ప్యాక్ అనుకున్నది మూడయింది. ఆ నెలాఖరుకి వాళ్లమ్మకి పంపాల్సిన డబ్బు పంపలేకపోయాడు.

వాడిది దురదృష్టం అని మీరు అనవచ్చు. కాదు. వాడికి జరిగింది ఆ బ్యానర్‌లో చాలా మామూలు సంగతి. అదెలాగో చూపించడానికే ఈ ఉత్తరం. కింది అంశాలు దయచేసి ఒక్కొక్కటిగా చూడండి.

1. మీరు ప్రకటించేది ఒక పుల్ గురించిన నిజం. కొనేవాడికి కావలసింది పాత్ర ఖరీదు.

ఒక శాతం అవకాశం అంటే వంద పుల్స్‌లో ఒకటి వచ్చేస్తుందని చాలామంది నమ్ముతారు. నా తరగతిలో ఏటా ఈ ప్రశ్న అడుగుతాను, ఏటా ఎక్కువ చేతులు ఆ జవాబుకే లేస్తాయి. నిజానికి వంద పుల్స్‌లో ఒక్కటీ రాకుండా పోయే అవకాశం చూడాలంటే, ప్రతి పుల్‌లో రాని అవకాశమైన 0.99ని వందసార్లు రాసి, అన్నిటినీ ఒకదానితో ఒకటి గుణించాలి. 0.366 వస్తుంది. అంటే వందమంది తలా వంద పుల్స్ తీస్తే దాదాపు 37 మంది వట్టి చేతులతో లేస్తారు. పదిమందిలో తొమ్మిదిమందికి రావాలంటే 230 పుల్స్ కావాలి. అదే ఒక శాతం, అందులో అబద్ధం లేదు. కానీ ఒక శాతం అన్న మాట విని ఎవరి మనసులోనూ 230 మెదలదు.

మేనల్లుడి బ్యానర్‌కి వద్దాం. 0.6 శాతం చొప్పున 73 పుల్స్ తీసినవాళ్లలో నూటికి 64 మందికి అయిదు నక్షత్రాలది ఒక్కటి కూడా రాదు. వచ్చినవాళ్లలోనూ సగం మందికి వేరే పాత్ర వస్తుంది. బ్యానర్‌లోని పాత్రే కావాలనుకుంటే సగటు 62 కాదు, దానికి ఒకటిన్నర రెట్లు, సుమారు 94 పుల్స్. ఆ సగటు కూడా మోసగిస్తుంది. అదృష్టవంతులు మొదటి పది పుల్స్‌లోనే తెచ్చుకున్నవి కూడా అందులో కలిసి ఉంటాయి.

అందుకని సగటు పక్కన పెట్టి, ఆటగాళ్లు తమ పుల్స్ చిట్టాల నుంచి కట్టుకున్న నమూనాతో నేను లెక్క వేశాను. సగం మందికి పాత్ర చేతికి రావడానికి సుమారు 80 పుల్స్ పడతాయి. పదిమందిలో తొమ్మిదిమందికి రావాలంటే సుమారు 155. అందరికీ ఖాయంగా రావాలంటే 180, అంటే 90 రెండుసార్లు.

మా వాడు "కావలసినదానికంటే ఎక్కువే" అనుకున్న ఆ 80 పుల్స్ నిజానికి బొమ్మా బొరుసూ వేయడం. వాడు పాత్రను కొనలేదు, ఒక నాణెం ఎగరేశాడు. ఆ సంగతి వాడికి ఎక్కడా ఎవరూ చెప్పలేదు. మీ దగ్గర మాత్రం లక్షల మంది కొనుగోళ్ల చిట్టా ఉంది. సగం మందికి ఎంతయిందో, పదోవాడికి ఎంతయిందో మీకు క్షణంలో తెలుస్తుంది.

ఇదే లెక్క ప్యాకుల్లోకి మార్చి చూడండి. ఉచిత జెమ్స్ లేనివాడికి 80 పుల్స్ అంటే రెండు పెద్ద ప్యాకులు. 155 పుల్స్ అంటే నాలుగు. 180 పుల్స్ అంటే 28,800 జెమ్స్, నాలుగు ప్యాకులు చాలవు, అయిదు కొనాలి. రెండు నుంచి అయిదు మధ్య ఎక్కడ ఆగుతుందో తెలియని వస్తువుకి మీరు తెరమీద చూపించే అంకె 0.6. ఈ ఒక్క మాటకి జవాబు చెప్పండి: రెండు ప్యాకులు ఖర్చు కావచ్చు, అయిదూ కావచ్చు అని ఆ బటన్ పక్కన రాస్తే మీకు నష్టం ఏమిటి? రాస్తే కొనరేమో అన్నదే జవాబయితే, రాయకపోవడం వల్లనే కొంటున్నారని మీరే ఒప్పుకున్నట్టు.

ఇంకో సంగతి. చాలా గేముల్లో పాత్ర ఒక్కసారి రావడంతో పని పూర్తి కాదు. దాని పూర్తి శక్తి తెరుచుకోవాలంటే అదే పాత్ర ఇంకా ఆరుసార్లు రావాలి. ఏడు ప్రతులకి సగటున 656 పుల్స్, పదహారు పెద్ద ప్యాకులకి పైమాట. దురదృష్టం వెంటాడితే 1,260 పుల్స్, అంటే 32 ప్యాకులు. పాత్ర పోరాట దృశ్యాల్ని ప్రకటనల్లో చూపించేటప్పుడు అది ఒక ప్రతి శక్తా, ఏడు ప్రతుల శక్తా అన్నది కూడా చెప్పాలి కదా.

2. రేటు ఎక్కడ మారుతుందో దాచిపెడుతున్నారు.

ఇది నాకు ఒక సాయంత్రం కాగితం మీద తేలింది. ఆ పేజీలో రెండు అంకెలు ఇచ్చారు: మామూలు రేటు 0.6, పిటీ కలిపి 1.6. 89వ పుల్ దాకా 0.6 శాతమే ఉండి, 90వది మాత్రమే ఖాయం అయితే, ఒక అయిదు నక్షత్రాల పాత్రకి సగటున దాదాపు 70 పుల్స్ పడాలి. అప్పుడు పిటీ కలిపిన రేటు 1.43 శాతం మాత్రమే అవుతుంది, 1.6 కాదు. 1.6 నిజమైతే 90కి ముందే ఎక్కడో రేటు పెరుగుతూ ఉండాలి. అంటే మీ రెండు అంకెలే ఒక మూడో నిబంధన ఉందని సాక్ష్యం చెబుతున్నాయి. ఆ నిబంధన మాత్రం పేజీలో లేదు.

అది 74వ పుల్ దగ్గర మొదలై, పుల్ పుల్‌కీ సుమారు ఆరు శాతం చొప్పున పెరుగుతుందని ఆటగాళ్లే వేల చిట్టాలు పోగేసి కనిపెట్టారు. దీన్ని సాఫ్ట్ పిటీ అంటారు. ఇది ఆటగాడికి మేలు చేసేదే, కాదనను. కానీ దాచడం వల్ల నష్టపోయేది తెలియనివాడే. 70 పుల్స్ దగ్గర డబ్బయిపోయి ఆగాలా, ఇంకో పది తీయాలా అని ఆలోచించేవాడికి, రాబోయే పది పుల్స్ వెనకటి డెబ్బయ్ కంటే ఎంతో విలువైనవని తెలియదు. 20 పుల్స్ దగ్గర ఉన్నవాడికి, రాబోయే యాభై మునుపటి వాటిలాగే పలచగా ఉంటాయని తెలియదు. ఒకడు ఆగకూడని చోట ఆగుతాడు, ఒకడు ఆగాల్సిన చోట ఆగడు.

దీనికి తోడు చాలా గేముల్లో పిటీ లెక్క తెరమీద కనిపించదు. ఆటగాడే చరిత్ర పేజీలు తిప్పి వేళ్లమీద లెక్కపెట్టుకోవాలి. ఆ లెక్క తర్వాతి బ్యానర్‌కి చేరుతుందా, సున్నా అవుతుందా అన్నది ఒక్కో గేమ్‌లో ఒక్కోలా, ఒకే గేమ్‌లో పాత్రల బ్యానర్‌కి ఒకలా, ఆయుధాల బ్యానర్‌కి ఇంకోలా ఉంటుంది. మా వాడు మూడో ప్యాక్ కొన్నది ఎందుకో తెలుసా? ఇప్పుడు ఆపేస్తే తీసిన 43 పుల్స్ పోతాయేమోనని భయపడి. ఆ గేమ్‌లో అవి పోవు, అదే రకం తర్వాతి బ్యానర్‌కి భద్రంగా చేరతాయి. ఆ ఒక్క వాక్యం తెరమీద ఉండి ఉంటే వాడు ఆగి, ఇంకో రెండు నెలలు ఉచిత జెమ్స్ కూడబెట్టుకునేవాడు.

3. డబ్బును డబ్బులా కనబడనివ్వడం లేదు.

డబ్బుతో ఒక రకం జెమ్స్ కొనాలి. వాటిని ఇంకో రకం జెమ్స్‌లోకి మార్చాలి. వాటితో పుల్ టిక్కెట్ కొనాలి. మూడు మెట్లు దిగేసరికి ఒక పుల్ తన ఎన్ని గంటల పనికి సమానమో ఎవరికీ గుర్తుండదు.

ప్యాకులు కూడా పుల్ ధరకి సరిపోయేలా ఉండవు. మా వాడి గేమ్‌లో చిన్న ప్యాక్ 60 జెమ్స్, పుల్ 160. ఒక్క పుల్ కావాలన్నా మూడు చిన్న ప్యాకులు కొనాలి, 20 జెమ్స్ మిగులుతాయి. పెద్ద ప్యాక్ 6,480, అంటే నలభైన్నర పుల్స్. ఆ సగం పుల్‌ని ఎవరు తీస్తారు? పాత్ర వచ్చాక మా వాడి దగ్గర 1,200 జెమ్స్ మిగిలాయి. పది పుల్స్ ఒకేసారి తీసే బటన్‌కి 1,600 కావాలి. తక్కువైంది 400. పక్కనే ఉన్న 300 జెమ్స్ ప్యాక్ చాలదు. 980 ప్యాక్ కొనాలనిపిస్తుంది. అలా ప్రతిసారీ చిల్లర మిగులుతుంది, ప్రతి చిల్లరా మళ్లీ కొనమని లాగుతుంది.

2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ గెన్షిన్ ఇంపాక్ట్ ప్రచురణకర్త అయిన కాగ్నోస్పియర్‌తో 2 కోట్ల డాలర్ల రాజీకి వచ్చింది. ఆ కంపెనీ ఆరోపణల్ని ఒప్పుకోలేదు. అయినా రాజీ షరతుల్లో నేను ఇప్పుడు అడుగుతున్నవే రెండు ఉన్నాయి: రకరకాల జెమ్స్ మారకపు రేట్లు స్పష్టంగా చెప్పాలి, లూట్ బాక్స్‌ని నేరుగా నిజమైన డబ్బుతో కొనే దారి కూడా ఇవ్వాలి. పదహారేళ్లలోపు పిల్లలకి తల్లిదండ్రుల అనుమతి లేకుండా అమ్మకూడదన్నది మరో షరతు. ఒక దేశంలో ఒక కంపెనీ చేయగలిగింది మిగతా కంపెనీలు మిగతా చోట్ల ఎందుకు చేయలేవు?

4. మీరు చెప్పిన శాతం నిజమేనని తెలుసుకునే దారి మాకు లేదు.

ఇది చాలామంది ఆలోచించని విషయం. ఒక శాతం రేటుతో 300 పుల్స్ తీసినవాడికి మూడు రావాలని మనం ఆశిస్తాం. రేటు నిజాయితీగా ఒక శాతమే ఉన్నా, 300 పుల్స్‌లో ఒక్కటీ రానివాళ్లు నూటికి అయిదుగురు ఉంటారు. కాబట్టి సున్నా వచ్చినవాడు మోసం జరిగిందని నిరూపించలేడు, కంపెనీ జరగలేదని చెబితే నమ్మక తప్పదు. ఒక మనిషి జీవితకాలపు ఖర్చు కూడా ఈ తేడా పట్టుకోవడానికి చాలదు. అందరి చిట్టా కలిపి చూసేవాడికే నిజం కనబడుతుంది, ఆ చిట్టా మీ దగ్గరే ఉంది.

నమ్మకం ఎందుకు చాలదో చెప్పడానికి ఒక ఉదాహరణ ఉంది. దక్షిణ కొరియాలో నెక్సాన్ కంపెనీ మేపుల్ స్టోరీ అనే కంప్యూటర్ గేమ్‌లో క్యూబ్ అనే వస్తువు అమ్మింది. అది ఆయుధాల గుణాల్ని యాదృచ్ఛికంగా మారుస్తుంది. అందరూ కోరుకునే గుణాలు వచ్చే అవకాశాన్ని కంపెనీ 2010లో తగ్గించింది, ఆటగాళ్లకి చెప్పలేదు. 2011 నుంచి 2021 దాకా కొన్ని కోరదగిన కలయికలు అసలు రాకుండా చేసింది. రేటు తక్కువ కాదు, సున్నా. జనం దాదాపు పదేళ్లు దానికోసం డబ్బు పెడుతూనే ఉన్నారు. 2024 జనవరిలో ఆ దేశపు ఫెయిర్ ట్రేడ్ కమిషన్ 1,160 కోట్ల వాన్‌ల జరిమానా వేసింది. అదే ఏడాది మార్చిలో అవకాశాల రేట్లు ప్రకటించడం అక్కడ చట్టబద్ధమైన బాధ్యత అయింది. అంతమంది ఆటగాళ్లలో లెక్క తెలిసినవాళ్లు లేక కాదు. బయటినుంచి చూసి సున్నానీ చాలా తక్కువనీ వేరు చేయడం అంత కష్టం.

యాప్ స్టోర్ల నిర్వాహకులకు ఇక్కడొక మాట. ఆపిల్ 2017 చివర్లో, గూగుల్ ప్లే 2019లో, కొనుగోలుకి ముందే రేట్లు చూపించాలని నియమం పెట్టాయి. అది మంచి పని. కానీ రేట్లు ఎక్కడ, ఎంత అక్షరాల్లో, ఏ రూపంలో చూపించాలో గట్టిగా చెప్పకపోవడంతో అవి మూడు బటన్లు నొక్కితే తెరుచుకునే పొడవాటి పేజీ అడుగున ఉంటున్నాయి. ఆ పేజీలో డెబ్బయ్ వస్తువుల పేర్లూ డెబ్బయ్ దశాంశాలూ ఉంటాయి. అక్కడ ఎవరైనా చూడదగిన అంకె ఏదో మీరే చెప్పండి.

ఈ ఉత్తరం చదువుతున్న ఆటగాళ్లకి కూడా కొంత చెప్పాలి. కంపెనీలు మారేదాకా ఆగలేం కదా. డబ్బు పెట్టేముందు కాగితం తీసుకోండి. మీకు కావలసిన ఆ ఒక్క పాత్ర రేటు చూడండి, ఆ తరగతి మొత్తానిది కాదు. పిటీ ఎన్నో పుల్ దగ్గరో, అప్పుడు వచ్చేది మీకు కావలసినదేనా లేక సగం అవకాశమేనా చూడండి. సగమే అయితే పిటీని రెండుతో గుణించండి. వచ్చిన పుల్స్‌లోంచి మీ దగ్గరున్న ఉచిత పుల్స్ తీసేయండి. మిగిలినదాన్ని జెమ్స్‌లోకి, జెమ్స్‌ని ప్యాకుల్లోకి మార్చి, పైకి సవరించి, డబ్బు రాసుకోండి. అదీ ఆ పాత్ర ధర. తక్కువలో వస్తే మిగిలింది మీ అదృష్టం. ఆ ధర మీరు పెట్టలేకపోతే, పెట్టే ప్రతి పైసా లాటరీ టిక్కెట్టే అని తెలిసి పెట్టండి. మా వాడి విషయంలో ఈ లెక్క చేస్తే 180లోంచి 40 పోగా 140 పుల్స్, 22,400 జెమ్స్, నాలుగు ప్యాకులు. నాలుగు అని ముందే చూసి ఉంటే ఒక్కటి కూడా కొనేవాణ్ణి కాదన్నాడు.

పిటీయే లేని గేమ్ అయితే పై ధర అంటూ ఉండదు. అలాంటి చోట ఎంత పెట్టినా రాకపోవచ్చు. జపాన్‌లో గ్రాన్‌బ్లూ ఫాంటసీ అనే గేమ్‌లో 2016 మొదట్లో ఒక పాత్ర కోసం ఒక ఆటగాడు రెండు వేలకు పైగా పుల్స్ తీయాల్సి రావడంతో పెద్ద గొడవైంది. ఆ తర్వాత ఆ కంపెనీ 300 పుల్స్ తీసినవారు కోరిన పాత్రను ఎంచుకోవచ్చని పరిమితి పెట్టింది. ఆ గేమ్ దానివల్ల మూతపడలేదు.

కాబట్టి మా కోరికలు ఇవి.

ఒకటి. ప్రతి బ్యానర్‌లో పుల్ బటన్ పక్కనే, ఇంకో పేజీ తెరవకుండా, బ్యానర్‌లో చూపించిన పాత్రకి మూడు మొత్తాలు ఆటగాడి సొంత దేశపు డబ్బులో రాయండి: సగం మందికి ఎంతలో వస్తుంది, పదిలో తొమ్మిదిమందికి ఎంతలో వస్తుంది, ఎంత పెడితే ఖాయం. పూర్తి శక్తికి ఎక్కువ ప్రతులు కావాలంటే ఆ మొత్తం కూడా. మిగతా కోరికలన్నీ పక్కన పెట్టినా దీన్ని మాత్రం వదలం.

రెండు. ఎన్ని పుల్స్ అయ్యాయి, పిటీకి ఎన్ని మిగిలాయి, రేటు ఎక్కడ పెరుగుతుంది, బ్యానర్ ముగిస్తే ఈ లెక్క నిలుస్తుందా పోతుందా అన్నది అదే తెరమీద చూపించండి.

మూడు. పుల్‌ని నేరుగా డబ్బుతో కొనే దారి ఇవ్వండి. జెమ్స్ అమ్మాలంటే పుల్ ధరకి సరిగ్గా భాగించబడే ప్యాకులే అమ్మండి.

నాలుగు. ప్రతి బ్యానర్ ముగిశాక మొత్తం ఎన్ని పుల్స్ జరిగాయి, ఏ వస్తువు ఎన్నిసార్లు వచ్చింది అన్న అంకెలు విడుదల చేయండి. కంపెనీకి సంబంధం లేని ఆడిటర్‌తో వాటిని తనిఖీ చేయించండి. రేటు మారిస్తే మార్చేముందు ప్రకటించండి. ప్రతి ఆటగాడికీ తన పూర్తి చిట్టా దింపుకునే వీలివ్వండి.

అయిదు. నెలకి ఇంతకంటే ఖర్చు చేయను అని ఆటగాడు ముందే పెట్టుకునే పరిమితి గేమ్‌లో ఉండాలి. దాన్ని పెంచితే వెంటనే కాక, మర్నాడు అమలయ్యేలా ఉండాలి. రాత్రి పన్నెండింటికి 78వ పుల్ తర్వాత తీసుకునే నిర్ణయం వేరు, తెల్లారాక తీసుకునేది వేరు.

యాప్ స్టోర్లు మొదటి రెండు కోరికల్నీ తమ నియమావళిలో చేర్చాలి, పాటించని గేమ్‌లో కొనుగోళ్లు నిలిపేయాలి. మీరు ఆ పని చేస్తే ప్రతి కంపెనీకీ విడివిడిగా మేం ఉత్తరాలు రాయనక్కర్లేదు.

నా ప్రశ్న అదే: ఈ పాత్ర కావాలంటే మనిషికి ఎంత డబ్బు ఖర్చవుతుంది? ఈసారి జవాబు వివరాల పేజీకి దారి చూపించడం కాకుండా, ఒక మొత్తం అయి ఉంటుందని ఎదురుచూస్తాను.

ఇట్లు,
లెక్కలు చెప్పే ఒక మేనమామ